చేత్తో రాసిన వీలునామాలో సాక్షులు, పేర్లు, ఆస్తి వివరాలు ఎలా సరిచూడాలి

ప్రశ్న: మేం బెంగళూరు హొరమావులో ఉంటాం. నాన్నగారికి 74 ఏళ్లు. లాయరు ఎందుకు దండగ అని రెండు నోట్‌బుక్ కాగితాల మీద తెలుగులో తనే వీలునామా రాసుకున్నారు. కింద సంతకం చేశారు. సాక్షిగా పక్కింటాయన ఒక్కరే సంతకం పెట్టారు. ముఖ్యమైన వాక్యాలు ఇవి: "హొరమావు ఇల్లు పెద్దాడికి, పై పోర్షన్ అమ్మాయికి. ఊళ్లో పొలం ఇద్దరు కొడుకులకు సమానంగా. ఎఫ్‌డీలో ఉన్న 5 లక్షలు మనవరాలు నాగలక్ష్మికి. మిగతా బ్యాంకు డబ్బు, బంగారం మీ అమ్మ అనుభవించి తర్వాత పిల్లలు పంచుకోవాలి." అన్నయ్య కూతురికీ చెల్లి కూతురికీ మా నాయనమ్మ పేరే పెట్టాం, ఇద్దరూ నాగలక్ష్ములే. నేను చిన్నకొడుకుని. ఊరు హిందూపురం దగ్గర. ఇది చెల్లుతుందా? ఏమేం సరిచూడాలి?

జవాబు:

ఇప్పుడున్న రూపంలో చెల్లదు. కారణం నోట్‌బుక్ కాగితమో, తెలుగులో ఉండటమో, స్టాంపు పేపరు లేకపోవడమో కాదు. వీలునామాకు స్టాంపు అక్కర్లేదు, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, ఏ భాషలోనైనా ఉండొచ్చు. లోపం రెండో సాక్షి లేకపోవడం. మిగతావన్నీ చెల్లుబాటుకు సంబంధించిన లోపాలు కావు, తర్వాత తగాదా తెచ్చే లోపాలు. నాన్నగారు ఉన్నారు, ఆలోచన స్పష్టంగా ఉంది కాబట్టి రెండు రకాలూ సరిదిద్దుకోవచ్చు.

ముందు సాక్షుల సంగతి. భారత వారసత్వ చట్టం, 1925లోని 63వ సెక్షన్ ప్రకారం వీలునామాకు కనీసం ఇద్దరు సాక్షులు ఉండాలి. రాసిన మనిషి సంతకం పెడుతుండగా ఆ ఇద్దరిలో ప్రతి ఒక్కరూ చూసి ఉండాలి, లేదా "ఈ సంతకం నాదే" అని ఆయన నోటితో విని ఉండాలి. ఆ తర్వాత ఆయన ఎదుటే తమ సంతకం పెట్టాలి. సాక్షులిద్దరూ ఒకే సమయంలో అక్కడ ఉండాలన్న నియమం లేదు. అంటే సాంకేతికంగా చూస్తే, నాన్నగారు ఇవాళ ఇంకొకరిని పిలిచి, తన సంతకం చూపించి ఇది నాదే అని చెప్పి, ఆయన చేత తన ముందే సంతకం పెట్టిస్తే ఆ పాత కాగితానికే ప్రాణం వస్తుంది. అయినా ఆ దారి వద్దంటాను. లోపల వాక్యాలు ఎలాగూ మార్చాలి, పైగా తేదీకీ రెండో సంతకానికీ మధ్య ఉన్న దూరాన్ని రేపు ఎవరో ఒకరు వేలెత్తి చూపిస్తారు. కొత్తది రాయడం మేలు.

"మొత్తం ఆయన చేతిరాతే కదా, ఇంకా సాక్షులెందుకు?" అని చాలామంది అనుకుంటారు. చేతిరాత ఉంటే ఫోర్జరీ అనే వాదన బలహీనపడుతుంది, అంతే. సాక్షుల అవసరం దానితో తీరదు. నోటరీ ముద్ర కూడా రెండో సాక్షికి బదులు కాదు. డిక్టేషన్ తీసుకుని రాసిపెట్టినవారు "రాసినవారు" అని సంతకం చేస్తే, వారిని సాక్షిగా లెక్కించాలా వద్దా అన్నదే ఒక వ్యాజ్యం అవుతుంది. సాక్షి అనే మాట కింద రెండు పేర్లు విడిగా, స్పష్టంగా ఉండాలి.

ఎవరిని పెట్టాలి? వీలునామా కోర్టుకు వెళితే కనీసం ఒక్క సాక్షి అయినా వచ్చి చెప్పాలి. పాత సాక్ష్య చట్టంలో ఇది 68వ సెక్షన్, 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమ్‌లో 67వ సెక్షన్. కాబట్టి నాన్నగారి వయసువాళ్లే అయిన వాకింగ్ స్నేహితులకన్నా, 45, 50 ఏళ్ల మనిషి, బెంగళూరులో స్థిరంగా ఉండేవారు, ఫోను చేస్తే దొరికేవారు మంచిది. మీ ఇంట్లో అద్దెకున్నవాళ్లు వచ్చే ఏడాది ఎక్కడుంటారో తెలియదు. సాక్షి పూర్తిపేరు, తండ్రి లేదా భర్త పేరు, చిరునామా, ఫోన్ నంబరు రాయించండి. సాక్షి లోపలి విషయం చదవాల్సిన పనిలేదు, సంతకం చూస్తే చాలు.

వాటా అందుకునేవాళ్లు, వాళ్ల భార్యలు, భర్తలు సాక్షులుగా ఉండకూడదన్న మాట విని ఉంటారు. హిందువుల వీలునామాకు ఆ నిషేధం వర్తించదు, క్రైస్తవుల వీలునామాకైతే అలాంటి సాక్షికి రాసిన వాటా పోతుంది. అయినా మీ ఇంట్లోవాళ్లెవరినీ, మీ బావగారితో సహా, సాక్షిగా పెట్టకండి. 1959లో వెంకటాచల అయ్యంగార్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది: వాటా పొందే మనిషే వీలునామా తయారీలో ముందుండి నడిపితే అది అనుమానించాల్సిన పరిస్థితి, ఆ అనుమానం తీర్చే భారం ఆ కాగితాన్ని ముందుకు తెచ్చినవాళ్లదే. ఇది మీకూ వర్తిస్తుంది. మీరు పొలంలో సగం పొందేవారు. అందుకని కొత్త వీలునామా మీరు రాయకండి, డిక్టేషన్ తీసుకోకండి, సంతకాల సమయంలో గదిలో కూడా ఉండకండి. కింద చెప్పబోయే ప్రశ్నలు కాగితం మీద పెట్టి నాన్నగారికి ఇవ్వండి. జవాబులు ఆయనే రాసుకుంటారు. ఒక గంట లాయరు దగ్గర ఆయన ఒంటరిగా కూర్చుంటే ఇంకా మంచిది.

ఇక చదవడం ఎలాగంటే, "నాన్న ఉద్దేశం ఏమిటో మనకు తెలుసు కదా" అన్న ఆలోచన పక్కన పెట్టాలి. మీ కుటుంబం ఎవరో తెలియని రెవెన్యూ క్లర్కు, బ్యాంకు మేనేజరు చదువుతున్నట్టు ప్రతి పేరు దగ్గరా "ఈ మనిషి ఎవరు?", ప్రతి ఆస్తి దగ్గరా "ఇది ఏది, ఎంత, ఆయనదేనా?" అని అడగాలి. అసలు కాగితం మీద గీతలు గీయకుండా ఫోటోకాపీ మీద చేయండి.

మీ కాగితంలో పేర్ల దగ్గర పెద్ద చిక్కు "మనవరాలు నాగలక్ష్మి". నాయనమ్మ పేరు పెట్టుకోవడం మన ఇళ్లలో మామూలే కాబట్టి ఈ తగాదా కూడా మామూలే. చదివితే వాక్యం నిండుగా ఉంది, బయట చూస్తే ఇద్దరున్నారు. ఇలాంటప్పుడు ఏ మనవరాలిని ఉద్దేశించారో తేల్చడానికి బయటి సాక్ష్యం తీసుకోవచ్చని అదే భారత వారసత్వ చట్టంలోని 80వ సెక్షన్ చెబుతుంది. ఆయన ఎవరి ఫీజు కట్టేవారు, ఎవరి గురించి ఏమనేవారు వంటివి కోర్టు వింటుంది. అదే "మనవరాలు ______కి 5 లక్షలు" అని ఖాళీ వదిలి ఉంటే 81వ సెక్షన్ అడ్డం వస్తుంది. ఆ ఖాళీలో ఏ పేరు అనుకున్నారో చెప్పే సాక్ష్యం తీసుకోరు, ఆ డబ్బు ఎవరికీ అందదు. మొదటి పరిస్థితి నయం అనిపించినా, తేలేలోపు అన్నయ్య ఇల్లూ చెల్లి ఇల్లూ ఒకరితో ఒకరు మాట్లాడుకోవడం మానేస్తారు. దీనికి మందు ఒక్క వాక్యం: "నా కుమార్తె ఫలానా, అల్లుడు ఫలానాల కూతురు, ఫలానా సంవత్సరంలో పుట్టిన నాగలక్ష్మి." మనవరాలు అనే మాట కొడుకు కూతురికీ కూతురి కూతురికీ ఒకటే కాబట్టి తల్లిదండ్రుల పేర్లు తప్పనిసరిగా ఉండాలి.

"పెద్దాడు", "అమ్మాయి" అన్న మాటలు వాటంతట అవే వీలునామాను పాడుచేయవు. పేరు తప్పు రాసినా మనిషి ఎవరో తెలిస్తే సరిపోతుందని 76వ సెక్షన్ ఉంది. కానీ బ్యాంకు కౌంటరులో సెక్షన్లు పనిచేయవు, ఆధార్ పనిచేస్తుంది. ఇంటిపేరు ముందు పెట్టుకునే మన అలవాటుకీ, తండ్రి పేరు అక్షరం వెనక పెట్టే ఇక్కడి రికార్డులకీ పొంతన ఉండదు. మీ చెల్లెలి ఇంటిపేరు పెళ్లితో మారి ఉండొచ్చు. కాబట్టి ఆధార్‌లో ఉన్న పేరు రాసి, ఇంట్లో పిలిచే పేరు "అలియాస్" అని పక్కన పెట్టమనండి. "పిల్లలు పంచుకోవాలి" అన్నచోట ముగ్గురి పేర్లూ రాసి, ఒక్కొక్కరికి మూడో వంతు అని తేల్చేయాలి. లేకపోతే "పిల్లలు అంటే కొడుకులు" అనే వాదన ఒకటి వస్తుంది, పొలం దగ్గర కొడుకులు అని రాసి ఇక్కడ పిల్లలు అని రాశారు కాబట్టి కాదనే ప్రతివాదనా వస్తుంది.

పేర్ల దగ్గర ఎక్కువమంది మరిచేది, వాటా పొందాల్సిన మనిషి ముందే పోతే ఏమవుతుందన్నది. మామూలు నియమం ప్రకారం ఆ వాటా రద్దయి మిగతా ఆస్తిలో కలుస్తుంది. కొడుకు, కూతురు, మనవల విషయంలో 109వ సెక్షన్ మినహాయింపు ఇస్తుంది. ఆ మనిషికి పిల్లలు ఉండి వాళ్లు బతికుంటే వాటా రద్దు కాదు, ఆయన మీ నాన్నగారి తర్వాత మరుక్షణం పోయినట్టు లెక్కించి పంచుతారు. కానీ గమనించండి, అప్పుడది నేరుగా మనవలకు పోదు. ఆ చనిపోయిన కొడుకు ఆస్తిగా లెక్కకు వస్తుంది, అందులో కోడలికీ భాగం ఉంటుంది, తల్లి బతికుంటే ఆవిడకీ ఉంటుంది. నాన్నగారికి ఇది ఇష్టమైతే సరే. కాకపోతే "ఫలానా నాకన్నా ముందు పోతే ఆ వాటా ఆయన పిల్లలకు సమానంగా" అని రాయాలి.

ఇల్లు. "హొరమావు ఇల్లు పెద్దాడికి, పై పోర్షన్ అమ్మాయికి" అన్న వాక్యాన్ని మూడు రకాలుగా చదవొచ్చు. కింది అంతస్తు అన్నయ్యకి, పైది చెల్లికి. లేదా మొత్తం ఇల్లూ స్థలమూ అన్నయ్యది, చెల్లికి పైన ఉండే హక్కు మాత్రమే. లేదా ముందు మాటా తర్వాతి మాటా ఢీకొన్నంత మేర వెనకది నిలుస్తుంది కాబట్టి (88వ సెక్షన్ అలాగే చెబుతుంది) పై అంతస్తు పూర్తిగా చెల్లిది. మూడింటిలో ఏది తీసుకున్నా ఇంకో ప్రశ్న మిగులుతుంది. కింద ఉన్న స్థలంలో చెల్లికి వాటా ఉందా? లేకపోతే పాతిక ముప్ఫై ఏళ్లకు భవనం పాతబడి కూల్చిన రోజు ఆమెకు మిగిలేది ఏమీ ఉండదు, ఈలోగా ఆ అంతస్తు మీద ఏ బ్యాంకూ సుఖంగా అప్పివ్వదు. ఇంకా టెర్రస్ ఎవరిది, మెట్లు ఎవరివి, సంపు, బోరు, కారు నిలిపే చోటు, పైన ఇంకో అంతస్తు వేసే హక్కు ఎవరికి? బెంగళూరు ఇళ్లలో టెర్రస్ మీద కూడా వ్యాజ్యాలు వస్తాయి. ఎందుకంటే పైన ఒక అంతస్తు లేపి అద్దెకివ్వడమే ఇక్కడ సంపాదన. నా సలహా: అంతస్తుతోపాటు స్థలంలో విడదీయని వాటా ఎంతో భిన్నంలో చెప్పాలి, టెర్రస్ ఉమ్మడా ఒకరిదా అన్నది ఒక వాక్యంలో తేల్చాలి.

ఆస్తి గుర్తింపు వివరాలు ఇంటి పన్ను రసీదు చూసి రాయకండి, సేల్‌డీడ్ చూసి రాయండి. ఖాతా అంటే ఇక్కడి ఆస్తి పన్ను రికార్డు; దాని నంబరు, ఆస్తికి ఇచ్చే గుర్తింపు సంఖ్య అయిన పీఐడీ నంబరు కాలంతో మారుతుంటాయి. పాత పంచాయతీ ఖాతా ఒకటి, బీబీఎంపీది ఒకటి, ఈ-ఖాతా వచ్చాక ఇంకొకటి. సేల్‌డీడ్ రిజిస్ట్రేషన్ నంబరు, సంవత్సరం, సబ్ రిజిస్ట్రార్ కార్యాలయం పేరు మాత్రం ఎప్పటికీ మారవు. ఆ మూడింటినీ మేకులా కొట్టి, మిగతావి పక్కన చేర్చాలి. ఇలా:

"బెంగళూరు ఈస్ట్ తాలూకా, కె.ఆర్.పురం హోబళి, హొరమావు గ్రామం, సర్వే నం. … లో ఏర్పడిన సైటు నం. 27, తూర్పు పడమరలు 40 అడుగులు, ఉత్తర దక్షిణాలు 30 అడుగులు, మొత్తం 1200 చదరపు అడుగుల స్థలం, అందులోని కట్టడం. హద్దులు: తూర్పు రోడ్డు, పడమర సైటు నం. 34, ఉత్తరం సైటు నం. 26, దక్షిణం సైటు నం. 28. నాకు … సబ్ రిజిస్ట్రార్ కార్యాలయంలో … సంవత్సరం … నంబరుగా రిజిస్టరైన సేల్‌డీడ్ ద్వారా సంక్రమించినది. నేటి ఖాతా నం. …."

హద్దులకు పక్కింటివాళ్ల పేర్లు రాయకండి. వాళ్లు అమ్ముకుని పోతారు, సైటు నంబరు పోదు. ఒకటి రెండు అంకెలు తప్పుపడినా ఆస్తి ఏదో తెలుస్తుంటే తప్పు వివరం తోసేసి మిగతాది నిలబెట్టాలని 78వ సెక్షన్ చెబుతుంది. పదిరకాల గుర్తులు ఇవ్వడం వల్ల లాభం ఇదే, ఒకటి తప్పినా మిగతావి పట్టుకుంటాయి. ఒక్క సర్వే నంబరే ఇచ్చి అదీ తప్పితే పట్టుకునేది ఏమీ ఉండదు. వివరాలు వీలునామాకు జతచేసే షెడ్యూలు అనే పట్టికలో పెడితే షెడ్యూలు పేజీ మీదా అందరి సంతకాలు ఉండాలి. "షెడ్యూలులో చూపిన వస్తువులు ఫలానాకి" అని రాసి షెడ్యూలు దొరక్కపోతే ఆ మాటే చెల్లకుండా పోతుంది.

సేల్‌డీడ్ తీసినప్పుడు కొనుగోలుదారుల పేర్లు కూడా చూడండి. అమ్మగారి పేరు కూడా ఉంటే నాన్నగారు రాయగలిగింది తన భాగం వరకే.

పొలం దగ్గర అసలు ప్రశ్న హద్దులు కాదు, అది ఎలా వచ్చింది అన్నది. నాన్నగారు కొన్నదైతే ఎవరికైనా రాయొచ్చు. తాత ముత్తాతల నుంచి పంచుకోకుండా వచ్చిన ఉమ్మడి ఆస్తి అయితే ఆయన రాయగలిగింది తన వాటా ఒక్కటే, మిగతాది పిల్లలకు పుట్టుకతో వచ్చిన హక్కు. హిందూ వారసత్వ చట్టానికి 2005లో చేసిన సవరణ తర్వాత ఆ హక్కు కూతురికీ కొడుకులతో సమానం, ఈ సంగతిని సుప్రీంకోర్టు 2020లో వినీతా శర్మ కేసులో గట్టిపరిచింది. కాబట్టి "ఇద్దరు కొడుకులకు" అని రాసినంత మాత్రాన చెల్లి సొంత వాటా పోదు. "నాకు ఉన్న వాటా" అని రాస్తే నిజం రాసినట్టు ఉంటుంది, వీలునామా మిగతా భాగం మీద అనుమానం రాదు.

వివరాలకు పట్టాదారు పాసుపుస్తకం, 1బి, అడంగల్ పక్కన పెట్టుకుని సర్వే నంబరు, సబ్ డివిజన్ అక్షరంతో సహా, ఎకరాలు సెంట్లలో రాయాలి. ఆంధ్రప్రదేశ్‌లో రీసర్వే జరిగిన గ్రామాల్లో పాత సర్వే నంబర్ల స్థానంలో ల్యాండ్ పార్సిల్ మ్యాప్ నంబర్లు, అంటే ఎల్‌పీఎం నంబర్లు వచ్చాయి, రెండూ రాయండి. హిందూపురం 2022 ఏప్రిల్ వరకు అనంతపురం జిల్లాలో ఉండేది, తర్వాత శ్రీ సత్యసాయి జిల్లాలోకి వచ్చింది. పాత పత్రాల్లో పాత పేరే ఉంటుంది కాబట్టి "పూర్వపు అనంతపురం జిల్లా" అని కూడా పెట్టాలి.

"ఎఫ్‌డీలో ఉన్న 5 లక్షలు" చిన్న వాక్యమే గానీ ప్రమాదం ఉంది. ఫలానా ఎఫ్‌డీ అని ఆ వస్తువునే ఇచ్చినట్టు చదివితే, ఆయన దాన్ని మధ్యలో తీసి ఆసుపత్రికి వాడుకున్న రోజున మనవరాలికి ఏమీ రాదు. రెన్యూవల్‌లో ఖాతా నంబరు మారినా తగవు పుడుతుంది. మనవరాలికి ఎలాగైనా అందాలన్నది ఉద్దేశమైతే "నా బ్యాంకు డబ్బులోంచి మొదట 5 లక్షల రూపాయలు" అని రాయమనండి. ఆ బ్యాంకులో నామినీగా వేరేవాళ్ల పేరు ఉందేమో చూడండి. నామినీకి బ్యాంకు డబ్బిస్తుంది, అంతమాత్రాన అతను యజమాని కాడు, వీలునామా ప్రకారం అప్పగించాల్సినవాడే. కానీ చేతికొచ్చిన డబ్బు వెనక్కి అడగడం ఎంత కష్టమో తెలిసిందే కాబట్టి రెండుచోట్లా ఒకే పేరు ఉండటం క్షేమం.

"మీ అమ్మ అనుభవించి తర్వాత పిల్లలు" అన్నదానికి స్పష్టత తప్పనిసరి. అమ్మగారు అసలు డబ్బు ఖర్చు పెట్టుకోవచ్చా, బంగారం అమ్మొచ్చా, వడ్డీ మాత్రమేనా? ఇల్లు పెద్దాడికి వెళితే ఆవిడ ఎక్కడ ఉంటారన్నది మీ కాగితంలో అసలు లేదు. చిన్నచిన్న డబ్బు కోసం పిల్లల సంతకాలు అడిగే పరిస్థితి ఆవిడకు వద్దనుకుంటే "సర్వ హక్కులతో" అమ్మకే ఇచ్చి, ఇంట్లో జీవితాంతం ఉండే హక్కు విడిగా రాయమనండి. కానీ సర్వ హక్కులతో ఇచ్చి, తర్వాతి వాక్యంలో "ఆవిడ తర్వాత పిల్లలకు" అని మళ్లీ తగిలించకూడదు. ఆ రెండు వాక్యాల్లో ఏది నిలవాలన్న దాని మీద కేసులు కొల్లలు. చివరగా "పైన చెప్పనిది, ఇకముందు సంపాదించేది ఏదైనా ఫలానావారికి" అన్న వాక్యం కూడా ఉండాలి. అది లేకపోతే వదిలేసిన కారు, పీఎఫ్ బాకీ, అద్దె అడ్వాన్సు హిందూ వారసత్వ చట్టం ప్రకారం అమ్మగారికీ ముగ్గురు పిల్లలకూ నాలుగో వంతు చొప్పున వెళతాయి. నాయనమ్మగారు బతికుంటే ఆవిడకూ సమాన వాటా ఉంటుంది. పాత కాగితం ఒక్క సాక్షితోనే మిగిలిపోతే మొత్తం ఆస్తికీ ఇదే లెక్క.

కొత్తది రాసేటప్పుడు ప్రతి పేజీ కింద నాన్నగారి సంతకం, చివర తేదీ, ఊరు, ఆయన సంతకం, దాని కింద "పై వీలునామాకర్త మా ఎదుట సంతకం చేయగా, ఆయన ఎదుట మేము సంతకం చేశాము" అన్న మాట, ఇద్దరు సాక్షులు. సంతకం బ్యాంకులో పెట్టేదే ఉండాలి. ఆఖరి వాక్యానికీ సంతకానికీ మధ్య ఖాళీ వదలకూడదు. కొట్టివేత వస్తే వైట్‌నర్ వాడకుండా, ఆ పంక్తి పక్కనే ఆయనా ఇద్దరు సాక్షులూ సంతకం పెట్టాలి. అలా లేని మార్పు తర్వాత చేసినదని తేలితే చెల్లదు. రెండుకన్నా ఎక్కువ కొట్టివేతలుంటే ఆ పేజీ మళ్లీ రాయడమే సులువు. మొదట్లోనే "ఇంతకుముందు రాసిన వీలునామాలన్నీ రద్దు" అని ఉండాలి. సంతకాలన్నీ పూర్తయ్యాక పాత రెండు కాగితాలను నాన్నగారే, తన చేత్తోనే, చింపేయాలి. ఆయన లేనప్పుడు మీరు చింపితే రద్దు కాదు, అనవసరమైన మాట పడతారు.

రిజిస్ట్రేషన్ చేయిస్తే తర్వాత అసలు ప్రతి పోయిందన్న భయం ఉండదు, అదే రోజు తీసుకున్న డాక్టరు సర్టిఫికెట్టు ఉంటే 74 ఏళ్ల వయసు మీద ప్రశ్నలు తగ్గుతాయి. తెలుగు వీలునామాను ఇక్కడి సబ్ రిజిస్ట్రార్ కన్నడ లేదా ఇంగ్లిష్ అనువాదం లేకుండా తీసుకోకపోవచ్చు, చట్టం ఆయనకు ఆ అధికారం ఇస్తోంది. అనువాదం జతచేస్తే, రెండింటికీ తేడా వస్తే తెలుగుదే నిలుస్తుందని వీలునామాలోనే ఒక వాక్యం రాయించండి. అనువాదంలో ముందుగా తప్పేది హద్దులూ అంకెలే కాబట్టి, ఆ భాగాన్ని సేల్‌డీడ్‌తో మళ్లీ ఒకసారి పోల్చి చూశాకే కార్యాలయానికి వెళ్లండి.